50 శాతం అని రాసి 44 శాతం ఇచ్చిన ఒప్పందం: ఒక డెవలప్‌మెంట్ అగ్రిమెంటు సమీక్ష

2022 జనవరిలో ఒక రిటైర్డ్ టీచరమ్మ గారు ఫైలు పట్టుకుని మా ఆఫీసుకు వచ్చారు. ఉప్పల్ వైపు వాళ్లకు 800 గజాల స్థలం, అందులో నలభై ఏళ్ల నాటి పెంకుటిల్లు ఉన్నాయి. స్థలం ఆమె పేరు మీదే ఉంది. కొడుకు డాలస్‌లో ఉంటాడు. తెలిసినవాళ్ల ద్వారా వచ్చిన బిల్డర్ స్టిల్ట్ మీద 5 అంతస్తులు, 15 ఫ్లాట్లు కడతానని, సగం సగం పంచుకుందామని అన్నాడు. 20 లక్షలు తిరిగి ఇవ్వవలసిన డిపాజిట్‌గా ఇస్తానన్నాడు. రిజిస్ట్రేషన్‌కు ముహూర్తం కూడా పెట్టుకున్నారు.

"ఊరికే ఒకసారి చూడండి లాయరు గారూ, అంతా మాట్లాడుకున్నదే" అన్నారు ఆమె.

ముప్పై నాలుగు పేజీల డెవలప్‌మెంట్ అగ్రిమెంట్ కమ్ జీపీఏ అది. హైదరాబాదులో స్థలం ఓనర్లు, బిల్డర్లు రాసుకునేవి చాలావరకు ఇదే అచ్చులో ఉంటాయి. ఒప్పందం, బిల్డర్‌కిచ్చే పవర్ ఆఫ్ అటార్నీ ఒకే దస్తావేజులో కలిసి ఉంటాయి. అసలు చిక్కంతా ఆ కలయికలోనే ఉంది కాబట్టి నేను వాటాల పేజీ కంటే ముందు పవర్ పేజీ చదువుతాను. ఇక్కడ చెప్పేటప్పుడు మాత్రం వాటాలతోనే మొదలుపెడతాను, ఎందుకంటే టీచరమ్మ గారికి మొదట అర్థమైంది అదే. మనుషుల్ని గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చాను.

సగం అంటే దేనిలో సగం

ఒప్పందం మూడో పేజీలో "నిర్మిత విస్తీర్ణంలో ఓనర్‌కు 50 శాతం, డెవలపర్‌కు 50 శాతం" అని ఉంది. వెనకాల అనుబంధంలో ఫ్లాట్ల పంపకం ఉంది. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి కూడిక వేసినవాళ్లు అప్పటిదాకా ఎవరూ లేరు.

ప్రతి అంతస్తులోనూ మూడు ఫ్లాట్లు. తూర్పు మూలది 1,620 చదరపు అడుగులు, మధ్యది 1,350, పడమరది 1,530. అంతస్తుకు 4,500 చొప్పున మొత్తం 22,500. అందులో సగం 11,250. అనుబంధం ప్రకారం ఓనర్‌కు మొదటి అంతస్తు మొత్తం, పైన నాలుగు అంతస్తుల్లో మధ్య ఫ్లాట్లు. లెక్క వేస్తే 4,500కు నాలుగు 1,350లు కలిపి 9,900 అయింది. అంటే 44 శాతం.

15 ఫ్లాట్లు సమంగా తెగవు కాబట్టి ఓనర్‌కు 7, బిల్డర్‌కు 8 అని రాశారు. మిగిలిన "అర ఫ్లాటు"కు బదులు 750 అడుగులకు నిర్మాణ ఖర్చు కింద అడుగుకు 2,200 కట్టి, 16 లక్షల 50 వేలు ఇస్తామన్నారు. వినడానికి న్యాయంగానే ఉంటుంది. కానీ ఆమెకు నిజంగా తగ్గింది 750 అడుగులు కాదు, 1,350. మధ్య ఫ్లాటు ఒకటి పూర్తిగా పోయింది. దాని ధర నిర్మాణ ఖర్చుతో తేల్చకూడదు, ఎందుకంటే అందులో ఆమె భూమి విలువ కూడా ఉంది. బిల్డర్ తన ఫ్లాట్లను అమ్మబోతున్న ధర అడుగుకు 6,000. ఆ ధరతో 1,350 అడుగులకు 81 లక్షలు. ఆయన ఇవ్వజూపింది 16.5 లక్షలు.

ఇంకో సంగతి. అనుబంధంలో ఉన్నవన్నీ సూపర్ బిల్టప్ అంకెలు. అంటే కారిడారు, మెట్లు, లిఫ్టు వాటా కలిపినవి. ముసాయిదా ప్లాను తెప్పించుకుని లోపలి గదుల కొలత తీస్తే, మధ్య ఫ్లాటు మీద కామన్ ఏరియా భారం ఎక్కువగా మోపినట్టు కనిపించింది. కార్పెట్ ఏరియాతో లెక్క కడితే ఆమె వాటా 43 శాతానికి కూడా చేరలేదు. భూమిలో అవిభాజ్య వాటా కూడా ఫ్లాటు విస్తీర్ణాన్ని బట్టే పంచారు కాబట్టి, 800 గజాల్లో ఆమెకు 400 మిగలాల్సింది 352 గజాలే మిగిలేది. ఎప్పుడో ఆ భవనం పడగొట్టి మళ్లీ కట్టుకునే రోజున లెక్కకు వచ్చేవి ఈ గజాలే.

బిల్డర్ మోసగాడని నేననుకోలేదు. ఏడు ఫ్లాట్లు, ఎనిమిది ఫ్లాట్లు అని సంఖ్యలో పంచుకోవడం ఈ వ్యాపారంలో అలవాటు. కానీ ఆయన డ్రాఫ్ట్స్‌మన్ ప్రతి అంతస్తులోనూ అమ్ముడయ్యే మూల ఫ్లాట్లను ఒక పక్కకు పెట్టుకున్నాడన్నది కాగితం మీద కనిపిస్తూనే ఉంది.

చర్చల తర్వాత తూర్పువి మూడు, మధ్యవి రెండు, పడమరవి రెండు ఓనర్‌కు అని కుదిరింది. మొత్తం 10,620 అడుగులు, తగ్గింది 630. ఎనిమిదో ఫ్లాటు తీసుకుని ఎక్కువైన అడుగులకు డబ్బు కట్టే దారి కూడా ఉంది గానీ ఆమె చేతిలో అంత సొమ్ము లేదు. కాబట్టి 630 అడుగులకు 6,000 చొప్పున 37 లక్షల 80 వేలు బిల్డర్ ఇవ్వాలి. బిల్డర్ ఆ డబ్బు ఇచ్చేలోపు తన ఫ్లాట్లను అంతకంటే ఎక్కువ ధరకు రిజిస్టర్ చేస్తే ఆ సగటు ధర వర్తిస్తుంది. భూమిలో సగం, అంటే 400 గజాలు, ఆమె ఏడు ఫ్లాట్లకే చెందుతాయని విడిగా రాశాం.

మొదటి అంతస్తు ఎవరి వాటాలో ఉందన్నది కూడా చూడాలి. పర్మిషన్ ఇచ్చేటప్పుడు జీహెచ్ఎంసీ, ప్లాను మీరకుండా కడతారన్న హామీగా, నిర్మిత విస్తీర్ణంలో 10 శాతం తనకు తనఖా పెట్టించుకుంటుంది. 2012 నాటి జీవో 168లోని నిబంధన అది. భవనంలో ఉండటానికి అనుమతించే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, అంటే ఓసీ, వచ్చాకే ఆ తనఖా విడుదలవుతుంది. ఆచరణలో మొదటి అంతస్తు ఫ్లాట్లే తనఖాలోకి వెళ్తాయి. ముసాయిదాలో మొదటి అంతస్తు మొత్తం టీచరమ్మ గారిది. రేపు బిల్డర్ భవనం చుట్టూ వదలాల్సిన సెట్‌బ్యాక్‌లు మింగి ఓసీ రాకపోతే ఇరుక్కునేవి ఆమె ఫ్లాట్లు, హాయిగా అమ్ముకునేవి ఆయన ఫ్లాట్లు. అందుకే ఆ అంతస్తులోని మధ్య, పడమర ఫ్లాట్లు 102, 103 బిల్డర్ వాటాలోకి మార్చి, తనఖా వాటి మీదే ఉండాలని రాయించాం. రెండూ కలిపి 2,880 అడుగులు, కావలసింది 2,250. ఈ ఒక్క మార్పుతో ఓసీ తెచ్చుకోవడం బిల్డర్‌కు సొంత అవసరం అయింది.

అసలు పర్మిషన్ రాకముందు రాసిన అంకెలన్నీ అంచనాలే. మంజూరైన ప్లానులో అడుగులు మారతాయి. అందుకని ప్లాను వచ్చిన 30 రోజుల్లో అదే నిష్పత్తితో ఫ్లాట్ల నంబర్లు, కార్పెట్ ఏరియా, గజాలు రాసి సప్లిమెంటరీ అగ్రిమెంటు రిజిస్టర్ చేయాలని పెట్టాం. చాలా ఒప్పందాల్లో ఈ మాట ఉంటుంది. అది జరిగేదాకా బిల్డర్‌కు అమ్మే అధికారం మొదలుకాదు అన్న మాటే ఉండదు. మేం రెండోది కూడా రాశాం.

గడియారం ఎప్పుడు మొదలవుతుంది

"అన్ని అనుమతులూ పొందిన తేదీ నుంచి 24 నెలలు, మరో 6 నెలల గ్రేస్" అని ముసాయిదాలో ఉంది. అనుమతులు ఎప్పటిలోగా తేవాలో ఎక్కడా లేదు. "అన్ని" అంటే ఏవేవో కూడా లేదు. బిల్డర్ ఇల్లు పడగొట్టి, అప్లికేషనే పెట్టకుండా రెండేళ్లు కూర్చున్నా ఆయన ఒప్పందం మీరినట్టు కాదు. ఇటువంటి స్థలాలు నాలుగైదు చేతిలో పెట్టుకుని, ఒకదాని అమ్మకాలతో ఇంకోదాన్ని కట్టే బిల్డర్లకు ఈ ఖాళీ చాలా పనికొస్తుంది.

మేం రాసిన వరుస ఇది. రిజిస్ట్రేషన్ అయిన 30 రోజుల్లో అప్లికేషన్ పెట్టాలి. 6 నెలల్లో పర్మిషన్ రాకపోతే ఓనర్ ఒప్పందం వదులుకోవచ్చు. పర్మిషన్ చేతికి వచ్చేదాకా పాత ఇల్లు పడగొట్టకూడదు. పర్మిషన్ నుంచి 24 నెలలు, లేదా రిజిస్ట్రేషన్ నుంచి 30 నెలలు, ఏది ముందైతే అది గడువు. ఆ తర్వాత 6 నెలల గ్రేస్. రియల్ ఎస్టేట్ ప్రాజెక్టులను నియంత్రించే రెరాలో నమోదు చేసేటప్పుడు బిల్డర్ తానే ఒక పూర్తి తేదీ ప్రకటిస్తాడు. ఆ తేదీ మన గడువు దాటకూడదని కూడా పెట్టాం. ఈ స్థలం సుమారు 669 చదరపు మీటర్లు, ఫ్లాట్లు 15. చట్టంలోని 500 మీటర్ల మినహాయింపుగానీ, 8 ఫ్లాట్ల మినహాయింపుగానీ వర్తించదు కాబట్టి రెరా నమోదు తప్పనిసరి.

ఆటంకాల జాబితాలో ఇసుక కొరత, కూలీల కొరత, సిమెంటు ధరలు, "మార్కెట్ మాంద్యం" కూడా రాసుకున్నారు. మార్కెట్ పడిపోతే గడువు ఆగుతుందంటే, ఫ్లాట్లు అమ్ముడుపోని నష్టం ఓనర్ మోయాలన్నమాట. రెరా చట్టం 6వ సెక్షన్‌లోని జాబితా యుద్ధం, వరద, కరువు, అగ్నిప్రమాదం, తుపాను, భూకంపం, ఇతర ప్రకృతి విపత్తుల వరకే. అదే తీసుకుని, కోర్టు స్టే ఒకటి కలిపాం. అదీ స్టే బిల్డర్ తప్పువల్ల రాకపోతేనే.

ఇక "పూర్తి" అనే మాట. ఫ్లాట్లు సిద్ధమని బిల్డర్ నోటీసు ఇచ్చాక 15 రోజుల్లో ఓనర్ తాళాలు తీసుకోకపోతే అప్పగించినట్టే భావిస్తామని ఉంది. లిఫ్టు లేకపోయినా, కరెంటు మీటర్లు రాకపోయినా నోటీసు ఇవ్వడానికి ఏ అడ్డూ లేదు. ఓసీ, ఫ్లాటుకో మీటరు, నీటి కనెక్షన్, నడిచే లిఫ్టు, ఇద్దరూ కలిసి తీసిన కొలతల కాగితం, ఇవన్నీ ఉంటేనే అప్పగింత అని మార్చాం.

ఈ నిర్వచనానికి పన్నుతోనూ సంబంధం ఉంది. వ్యక్తి గానీ హిందూ అవిభక్త కుటుంబం గానీ రిజిస్టర్డ్ ఒప్పందం మీద స్థలం డెవలప్‌మెంట్‌కు ఇస్తే, క్యాపిటల్ గెయిన్స్ పన్ను ఒప్పందం సంతకం చేసిన ఏడాది కాకుండా కంప్లీషన్ సర్టిఫికెట్ వచ్చిన ఏడాది పడేలా 2017 ఫైనాన్స్ చట్టం మార్చింది. అయితే సర్టిఫికెట్‌కు ముందే ఓనర్ తన వాటా అమ్మేస్తే ఆ వెసులుబాటు పోతుంది. టీచరమ్మ గారు మధ్యలో ఒక ఫ్లాటు అమ్మి మనవరాలి చదువుకు పంపాలనుకుంటున్నారు. ఆ ఆలోచనను వాయిదా వేయమన్నాను.

జీఎస్టీ గురించి ముసాయిదాలో ఒక్క మాట లేదు. ఓనర్ ఫ్లాట్ల నిర్మాణాన్ని కూడా చట్టం బిల్డర్ చేసే సేవగానే చూస్తుంది. 5 శాతం చొప్పున, ఆమె ఏడు ఫ్లాట్ల మీద దాదాపు 32 లక్షలు. ఇది సాధారణంగా తాళాలిచ్చే రోజున ఓనర్ ముందుకు వచ్చే బిల్లు. బిల్డరే భరించాలని అడిగాం. చివరికి చెరి సగానికి ఒప్పుకోవాల్సి వచ్చింది.

మాట తప్పితే ఏమవుతుంది

ఆలస్యానికి నెలకు అడుగుకు 5 రూపాయల పరిహారం రాశారు. చర్చల్లో తేలిన 10,620 అడుగులకు అది 53,100. అదే ప్రాంతంలో ఆ సైజు ఫ్లాటు అద్దెలు చూస్తే అడుగుకు 12, 13 రూపాయలు వస్తున్నాయి. అంటే ఓనర్ ఫ్లాట్లను ఆలస్యం చేయడం బిల్డర్‌కు చవకైన అప్పు లాంటిది. అలాగని 50 రూపాయలు రాసుకున్నా లాభం లేదు. కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ప్రకారం కోర్టు సమంజసమైన పరిహారమే ఇప్పిస్తుంది, రాసుకున్న మొత్తం దానికి పై హద్దు మాత్రమే. అద్దె రేట్లు ఆధారంగా 12 అడిగాం, 10కి తేలింది. నెలకు 1,06,200. ఆమె ఈలోగా ఉండే అద్దె ఇంటి ఖర్చు వేరుగా, తాళాలిచ్చేదాకా.

కానీ పరిహారం రాబట్టడానికి కోర్టుకెక్కాలి. అసలు బలం పవర్ ఆఫ్ అటార్నీలో ఉంది. ముసాయిదాలోని జీపీఏ రద్దు చేయడానికి వీల్లేనిది. కాంట్రాక్టు చట్టం 202వ సెక్షన్ పేరు కూడా అందులో రాశారు. ఆ సెక్షన్ ప్రకారం ఏజెంటుకు ఆస్తిలో సొంత ప్రయోజనం ఉంటే, వేరే షరతు రాసుకోకపోతే, ఆ ప్రయోజనానికి నష్టం కలిగేలా పవర్ రద్దు చేయలేం. ఆ జీపీఏతో బిల్డర్ పర్మిషన్ వచ్చిన మర్నాడే తన 8 ఫ్లాట్లూ రిజిస్టర్ చేసి అమ్మవచ్చు. మొత్తం స్థలాన్ని బ్యాంకుకు తనఖా పెట్టవచ్చు.

డాలస్ నుంచి కొడుకు ఫోనులో అడిగాడు. "సార్, వాళ్లు మాట తప్పితే క్యాన్సిల్ చేసుకోవచ్చని క్లాజు ఉంది కదా?"

ఉంది. అది అమలు చేసే రోజు ఎలా ఉంటుందో ఆయనకు వివరించాను. మూడు శ్లాబులు పడి పని ఆగింది. ఎనిమిది కుటుంబాలు సేల్ డీడ్లు చేయించుకున్నాయి, వాళ్లకు మీ భూమిలో గజాలున్నాయి. రిజిస్ట్రార్ ఆఫీసుకు ఒక్కరే వెళ్లి ఒప్పందం రద్దు చేసుకుందామంటే సాధారణంగా కుదరదు, బిల్డర్ సంతకమో కోర్టు ఉత్తర్వో కావాలి. పైగా ఇదే ముసాయిదాలో, ఒప్పందం ఏ కారణంతో ముగిసినా 20 లక్షల డిపాజిట్ 24 శాతం వడ్డీతో, బిల్డర్ పెట్టిన ఖర్చుతో సహా ముందు చెల్లిస్తేనే స్థలం మీ చేతికి వస్తుందని ఉంది. తప్పు బిల్డర్‌దైనా సరే. కొడుకు కాసేపు మాట్లాడలేదు.

అందుకే అమ్మే అధికారాన్ని పనితో ముడిపెట్టాం. మూడో శ్లాబు పడ్డాక 2 ఫ్లాట్లకు సేల్ డీడ్లు చేయవచ్చు. చివరి శ్లాబు తర్వాత ఇంకో 2. ఓనర్ ఫ్లాట్లలో ఇటుక పని, ప్లాస్టరింగ్ అయ్యాక మరో 2. చివరి రెండూ ఓసీ వచ్చి ఆమె తాళాలు తీసుకున్నాకే. ఆ చివరి రెండూ 102, 103. జీహెచ్ఎంసీ తనఖాలో ఉన్నవి అవే కాబట్టి బిల్డర్‌కు దీనివల్ల కొత్తగా పోయేదేమీ లేదు. ప్రతి దశకూ ఓనర్ నియమించిన ఇంజనీరు సర్టిఫికెట్ ఇవ్వాలి, 7 రోజుల్లో ఇవ్వకపోతే ఇచ్చినట్టే. ఈ షరతు బిల్డర్ అడిగాడు, న్యాయమే కాబట్టి ఒప్పుకున్నాం.

బిల్డర్ అభ్యంతరం సూటిగా ఉంది. "అమ్మకపోతే డబ్బెక్కడిది సార్, కట్టేది ఎలా?" దానికి సమాధానం, రెరా నమోదయ్యాక ఆయన అగ్రిమెంట్ ఆఫ్ సేల్ రాసుకుని వాయిదాలు వసూలు చేసుకోవచ్చు. చట్టం ప్రకారం అందులో 70 శాతం విడి ఖాతాలో వేసి ఈ నిర్మాణానికీ, భూమి ఖర్చుకూ మాత్రమే వాడాలి. కొనేవాళ్ల ప్రతి అగ్రిమెంటులోనూ సేల్ డీడ్ ఏ దశలో వస్తుందో రాయాలి. అప్పుడు కొనేవాళ్లు కూడా తెలిసే కొంటారు. వాటా తీసుకునే ఓనర్‌ను కూడా ప్రమోటర్‌గా చూసే అవకాశం రెరాలో ఉంది కనుక, కొనుగోలుదారులకు పడే బాకీలన్నీ బిల్డర్‌వేనని నష్టపూచీ రాయించాం. తనఖా అధికారం ఆయన వాటా ఫ్లాట్లకే పరిమితం చేశాం.

పని ఆగితే ఏం చేయాలో కూడా రాశాం. గ్రేస్ దాటి 6 నెలలైనా, వరసగా 90 రోజులు పని నిలిచినా, ఓనర్ 30 రోజుల నోటీసు ఇచ్చి స్థలం చేతిలోకి తీసుకోవచ్చు. ఇద్దరి ఇంజనీర్లు అయిన పని కొలుస్తారు. పరిహారం మినహాయించగా మిగిలింది కొత్త బిల్డర్ వచ్చాక అతని డబ్బులోంచి పాత బిల్డర్‌కు. డిపాజిట్‌కు వడ్డీ లేదు. స్థలం "స్వాధీనం" చేశామన్న మాట తీసేసి, నిర్మాణం కోసం లోపలికి రావడానికి అనుమతి అని మార్చాం. రిజిస్టర్డ్ ఒప్పందం కింద స్వాధీనం ఇస్తే ఆస్తి బదిలీ చట్టం 53ఏ సెక్షన్ బిల్డర్‌కు రక్షణగా నిలబడే వీలుంటుంది.

పదో పేజీలో "ఉభయులూ జాయింట్ వెంచర్ భాగస్వాములు" అన్న వాక్యం ఉంది. అదీ తీసేశాం. ఢిల్లీకి చెందిన ఫకీర్ చంద్ గులాటీ కేసులో 2008లో సుప్రీంకోర్టు, కాగితం మీద పేరు ఏదైనా, నిర్మాణంపై అజమాయిషీ, లాభనష్టాల్లో పాలు లేని స్థలం ఓనర్ వినియోగదారుడే అవుతాడని, వినియోగదారుల ఫోరానికి వెళ్లవచ్చని చెప్పింది. పేరు వల్ల హక్కు పోదు గానీ, అవతలి లాయరు ఆ వాక్యం పట్టుకుని రెండేళ్లు వాదిస్తాడు.

ఒక్కటి సాధించలేకపోయాం. బిల్డర్ సంస్థ ఎల్ఎల్‌పీ, అంటే సంస్థ బాకీలకు భాగస్తుల సొంత ఆస్తి మామూలుగా పూచీ పడదు. భాగస్తుల వ్యక్తిగత గ్యారంటీ అడిగితే ససేమిరా అన్నారు. అది వదిలేయవచ్చా అని టీచరమ్మ గారు అడిగినప్పుడు, చివరి డీడ్లు మన చేతిలో ఉన్నంతవరకు వదలొచ్చన్నాను.

జరిగింది

2022 మార్చిలో రిజిస్టర్ అయింది. ఆగస్టులో పర్మిషన్ వచ్చింది. దాంతో గడువు 2024 ఆగస్టుకు, గ్రేస్ 2025 ఫిబ్రవరికి తేలాయి. శ్లాబులు సమయానికే పడ్డాయి. ఆరు ఫ్లాట్ల డీడ్లు అయ్యాక పని నెమ్మదించింది, పనివాళ్లు ఇంకో సైటుకు వెళ్లారు. ఫిబ్రవరి దాటింది. అయితే 102, 103 కొన్నవాళ్లు బిల్డర్ ఇంటి చుట్టూ తిరగడం మొదలుపెట్టారు. ఆ రెండూ కదలాలంటే ఓసీ ఒక్కటే దారి. జూన్‌లో ఓసీ వచ్చింది. నాలుగు నెలల ఆలస్యానికి 4,24,800 పరిహారాన్ని, 630 అడుగుల సొమ్మును ఆమె చెల్లించాల్సిన జీఎస్టీ సగంతో, తిరిగి ఇవ్వాల్సిన డిపాజిట్‌తో సర్దుబాటు చేసి, మిగిలింది చెక్కు ఇచ్చాకే చివరి డీడ్ల మీద ఆమె సంతకం పెట్టారు.

నేను వదిలేసిన అంశం ఒకటి తాళాల రోజున బయటపడింది. పార్కింగ్ "ఫ్లాటుకు ఒకటి" అని మాత్రమే రాశాను. ఆమె ఏడింటిలో రెండు స్థలాలు వేరే కార్ల వెనక పడ్డాయి. ముందు కారు తీస్తేగానీ వెనక కారు కదలదు. అప్పటికి మిగతా స్థలాలన్నీ కొన్నవాళ్ల డీడ్లలో చేరిపోయాయి. రెండు కార్లూ ఆమె ఫ్లాట్లవే ఉండేలా ముందూ వెనకా జతలు మార్చి ఎలాగో సర్దాం గానీ, ఆ రెండు ఫ్లాట్లకు అద్దె తక్కువే పలుకుతోంది. ఆ తర్వాత నా చేతికొచ్చిన ప్రతి ఒప్పందంలో, సప్లిమెంటరీకి స్టిల్ట్ ప్లాను జత చేసి, పార్కింగ్ నంబర్లకు ఓనర్‌వి ఒక రంగు, బిల్డర్‌వి ఒక రంగు వేయించి, ఆ కాగితం మీద ఇద్దరి సంతకాలూ తీసుకుంటున్నాను.